పెద్దక్షరాల జవాబు

ఆ రోజు మధ్యాహ్నానికే సల్మా ముప్పై ఒక్క మెయిళ్ళు చల్లార్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర మూడో అంతస్తులో, వాటర్ ఫిల్టర్లు అమ్మే కంపెనీ కస్టమర్ సపోర్టులో ఆమె ఉద్యోగమే అది. స్టాఫ్ రాసిన జవాబు నేరుగా కస్టమరుకి పోదు. ముందు ఆమె దగ్గరికొస్తుంది. అందులో కారం తీసేసి, మెత్తటి మాటలు కలిపి ఆమె పంపుతుంది.

ముప్పై రెండోది జోయెల్ రాశాడు. ఇంగ్లీషు అక్షరాలన్నీ పెద్దవే.

"మేం పదకొండు సార్లు ఫోన్ చేశాం. మీరు ఒక్కసారీ ఎత్తలేదు. మా మనిషి రెండుసార్లు కొండపల్లి వచ్చి బెల్లు కొట్టి కొట్టి వెళ్ళిపోయాడు. తలుపు మీరు తియ్యకుండా, మేం రాలేదని రాస్తారా?"

సల్మాకి ఒళ్ళు మండింది. పక్క వరసలో ఉన్న జోయెల్‌ని పిలిచింది.

"ఇలా అరిస్తే ఎలా జోయెల్?"

"అరవలేదండీ, రాశాను."

"అన్నీ పెద్దక్షరాలు పెడితే అరిచినట్టే."

"ఆవిడ నాలుగోసారి రాసిందండీ. ప్రతిసారీ నేను ఫోన్ చెయ్యడం, ఎవరూ ఎత్తకపోవడం. మూడు కాల్స్ ఎత్తకపోతే కంప్లయింట్ దానంతటదే క్లోజ్ అయిపోద్ది. మళ్ళీ ఆవిడ తెరుస్తుంది. మాటలు నేను పడుతున్నాను."

సల్మా అతని వాక్యాలన్నీ కొట్టేసి, వేళ్ళకి అలవాటైన మాటలు టైపు చేయడం మొదలుపెట్టింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా ప్రతినిధి త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తారు. అంతలో కింద కస్టమర్ మెయిలు కంటబడింది. సుబ్బరత్నం, రిటైర్డ్ టీచరు.

"మీ సానుభూతి నాకు మూడుసార్లు అందింది. ఫిల్టరు కారుతూనే ఉంది. ఒక్క మనిషినీ పంపలేదు, ఎందుకో ఒక్క మాటా చెప్పలేదు."

సల్మా పాత జవాబులు తెరిచింది. మూడూ తను దిద్దినవే. ప్రతి దాంట్లోనూ జోయెల్ ఎన్నిసార్లు ఫోన్ చేసిందీ, మనిషి ఎప్పుడు వెళ్ళిందీ రాశాడు. నింద వేసినట్టుందని ప్రతిసారీ తనే తీసేసింది. కోపంతో పాటు సమాచారం కూడా పోయింది. తన ఇంటికి మనిషి వచ్చాడన్న సంగతే ఆవిడకి తెలియదు.

మొదటి ఫిర్యాదు వెతికింది. తెరమీద నాలుగు లైన్లే కనిపిస్తాయి, మిగతాది చూడాలంటే ఇంకోసారి నొక్కాలి. నొక్కింది. చివర్న ఉంది: "నాకు చెవులు వినపడవు. ఫోన్ చేయకండి. మెసేజ్‌లో టైము చెబితే గేటు దగ్గర కూర్చుంటాను."

జోయెల్ ఆమె భుజం మీదుగా చదివాడు.

"నేను నంబరు చూసి డయల్ చేసుకుంటూ పోయానండీ."

"నేను అదీ చూడలేదు," అంది సల్మా. ఎవరి మీద విసుక్కోవాలో ఆమెకి తెలియలేదు.

ఇద్దరూ కూర్చుని మళ్ళీ రాశారు. జోయెల్ లెక్కల్ని సల్మా ఉంచింది, నింద తీసేసింది. "సుబ్బరత్నం గారూ, మీకు వినపడదని మొదటి రోజే రాశారు. మేం చదవలేదు. పదకొండు సార్లు ఫోన్ చేశాం, రెండుసార్లు మనిషిని పంపాం. అవేవీ మీదాకా రాకపోవడం మా తప్పు. రేపు పది గంటలకి మా మెకానిక్ సాయిగణేష్ వస్తాడు. బయల్దేరేటప్పుడు మెసేజ్ పెడతాడు."

టీమ్ లీడర్ రామకోటేశ్వరరావు వచ్చి చూశాడు.

"ఒక్క మెయిలుకి నలభై నిమిషాలా అమ్మా? పైగా తప్పు మనదేనని రాసిస్తే ఎలా? ఫార్మాట్ ఉంది కదా."

"ఫార్మాట్‌లో మూడు పంపాం సార్. దేనికి చింతిస్తున్నామో ఒక్కదాంట్లోనూ లేదు."

ఆయన గడియారం చూసుకున్నాడు. "సరే, ఇది పంపు. మిగతావి మాత్రం టైముకి అవ్వాలి."

వినపడదన్న సంగతి రాసుకునేందుకు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా చోటు లేదు. సల్మా దాన్ని అడ్రసులో, ఇంటి నంబరు పక్కన ఇరికించింది.

మర్నాడు పావుగంటలో పని అయిపోయింది. సాయిగణేష్ చిన్న ట్యూబు మార్చాడు, అంతే. మధ్యాహ్నం సుబ్బరత్నం రాసింది: "వచ్చారు, బాగుచేశారు. మర్యాదైన కుర్రాడు. పావుగంట పనికి మూడు వారాలు వంటింట్లో బకెట్ పెట్టుకున్నాను." రేటింగులో అయిదు చుక్కలకి రెండిచ్చింది. ఆ రెండు చుక్కలు నెలాఖరు రిపోర్టులో సల్మా పేరు మీదే పడతాయి. అన్యాయమని అనలేకపోయింది.

సాయంత్రం జోయెల్ నుంచి ఇంకోటి వచ్చింది. పటమట కస్టమరుకి జవాబు. మళ్ళీ అన్నీ పెద్దక్షరాలే. సల్మా చెయ్యి కొట్టేసే మీట మీదికి పోయి ఆగింది.

"జోయెల్, ఇటు రా. కోపం తర్వాత, ముందు ఏం జరిగిందో చెప్పు," అంది, పక్క కుర్చీ లాగుతూ. కింద ట్రాఫిక్ హారన్లకి ఆమె తల పగిలిపోతోంది. వరసలో ఇంకా పంతొమ్మిది మెయిళ్ళు ఉన్నాయి.