సగం ఫీజు చీటీ

తార్నాక చౌరస్తాకు కూతవేటు దూరంలో ఉన్న ఆ బడిలో కరుణ పంతొమ్మిదేళ్లుగా ఫీజు కిటికీ వెనక కూర్చుంటోంది. ఏ పిల్ల ఎవరి కూతురో, ఎవరి తండ్రి ఏ తారీఖున జీతం తీసుకుంటాడో, ఎవరికి ఎంత తగ్గింపు ఉందో, అన్నీ ఆమెకు నోటికే వచ్చు. తల్లిదండ్రులు కిటికీలోకి తల పెట్టి "కరుణమ్మ ఉన్నదా?" అనేవారు. ఆ మాట వినడం కోసమే ఆమె జ్వరం వచ్చినా సెలవు పెట్టేది కాదు.

ఈ ఏడు మే నెలలో నవనీత వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. యూనివర్సిటీలో ఎం.కాం. చదివి, అక్కడి హాస్టల్లోనే రెండేళ్లున్నది. బడి నడిపే సంజీవ్ సార్ ఆమెను బడి లెక్కలు రాయడానికని పెట్టుకున్నాడు. వచ్చిన వారానికే ఆమె ఒక పద్ధతి మార్చింది.

బడిలో ఏడాదికి మూడు టర్ములు. టర్ముకు పన్నెండు వేలు, ముందే కట్టాలి. జూన్‌లో కట్టింది సెప్టెంబరు దాకా నాలుగు నెలల చదువుకు. కరుణ ఇన్నాళ్లూ వచ్చిన డబ్బు వచ్చిన నెలలోనే ఆదాయం కింద రాసేది. అందుకని జూన్‌లో బడి నిండుగా కనిపించేది. సార్ బెంచీలు కొనేవాడు, గోడలకు రంగు వేయించేవాడు. సెప్టెంబరు వచ్చేసరికి టీచర్ల జీతాలకు చేబదుళ్లు.

"సార్, ఇది ఇంకా మనది కాదు," అని నవనీత మొదటి రోజే చెప్పింది. "పిల్లకు నెల చదువు చెప్పినంక మూడు వేలు మనది అయితది. మిగిలింది అడ్వాన్స్. ఎవరి డబ్బు అయిపోయినా చదువు నడుస్తున్నదో, ఆ నెల నుంచి వాళ్ల పేరు బాకీల లిస్టుకు ఎక్కుతది."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆమె లెక్క రాసి చూపిన కాగితాన్ని చాలాసేపు చూశాడు. "ఇన్నేండ్లు నాకు ఎవరూ చెప్పలేదమ్మా గిది," అన్నాడు.

కరుణ అక్కడే నిలబడి ఉంది. ఆ "ఎవరూ" తనే. ఆ రోజు నుంచి నవనీతకు సార్ గదిలో, సాసరు పెట్టిన కప్పులో టీ. కరుణకు ఎప్పటిలాగే కిటికీ దగ్గర కాగితం గ్లాసు. కాగితం గ్లాసులో టీ ఇన్నేళ్లూ బాగానే ఉండేది. ఇప్పుడే అట్ట వాసన కొడుతోంది.

అయినా తల్లిదండ్రులు తనవాళ్లేనని ధైర్యం చెప్పుకుంది. ఆ ధైర్యం కూడా జూన్ పన్నెండున పోయింది.

ఆ రోజు సామేలు వచ్చాడు. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్‌లో వంటవాడు. కూతురు రాజశ్రీ ఎనిమిదో తరగతి. మొదటి తరగతి నుంచీ సగం ఫీజే. ఆ తగ్గింపులు ఇచ్చేది సార్ తల్లి శ్యామలాంబగారు. మంచం పట్టినా ఆవిడ ప్రతి వేసవిలో ఆకుపచ్చ సిరాతో చిన్న చీటీలు రాసి ఇస్తుంది. ఆ చీటీ కిటికీలో ఇస్తే తగ్గింపు నడిచినట్టే. సామేలు చీటీ, ఆరు వేలు కరుణ చేతికిచ్చాడు. కరుణ చీటీ మీద తారీఖు ముద్ర కొట్టింది. అంతలో లోపలి బల్ల నుంచి నవనీత లేచి వచ్చింది.

"సామేలన్నా! నువ్వేనా?"

"అరె, నవనీతమ్మా! గీడ జేరినవా బిడ్డా? మంచిగ తింటున్నవా లేదా?"

"నీ పప్పుచారు లేకపోతే ఏం తింట అన్నా!"

ఇద్దరూ పావుగంట నవ్వుకున్నారు. నవనీతకు డెంగీ వచ్చినప్పుడు సామేలు పలుచగా గంజి కాచి హాస్టల్ గుమ్మం దాకా తెచ్చిచ్చాడట. ఆమె పరీక్ష పాసైన రోజు మెస్‌లో రెండు గరిటెల పాయసం ఎక్కువ పడిందట. కరుణ రసీదు రాస్తూ వింది. ఏడేళ్లుగా అతని రసీదులు రాసింది తను. తనతో ఎన్నడైనా పప్పుచారు మాట చెప్పాడా?

వెళ్తూ అతను కిటికీ వైపు చూడలేదు. "ఇగ నాకేం ఫికర్ లేదు, మా నవనీతమ్మ ఉన్నది," అని లోపలికి చూసి అన్నాడు.

ఆ సాయంత్రం కరుణ అప్పటిదాకా చేరిన చీటీల్లో ముప్పై నాలుగు నవనీతకు ఇచ్చింది. ముప్పై అయిదోది, సామేలుది, బిస్కెట్ డబ్బాలో, పాత ముద్రల కింద పెట్టి మూత వేసింది. అలా చేస్తానని ఆమె ముందుగా అనుకోలేదు. చెయ్యి చేసింది, మనసు వద్దనలేదు.

ఆమె అనుకున్నదల్లా ఒకటే. చీటీ లేకపోతే సామేలు పేరున బాకీ వస్తుంది. అతను వచ్చి "ఏంది నవనీతమ్మా, గిట్ల చేసినవు?" అని నలుగురిలో అడుగుతాడు. సార్ వింటాడు. ఆ సాసరు కప్పు అంతటితో సరి.

జూన్ వెళ్లింది. బాకీ రాలేదు. జూలై వెళ్లింది. రాలేదు. కరుణ రోజూ లిస్టు తొంగి చూసేది. తర్వాత ఆమెకే అర్థమైంది. నవనీత పుస్తకంలో రాజశ్రీ ఫీజు నెలకు మూడు వేలు. సామేలు కట్టిన ఆరు వేలు రెండు నెలలకు సరిపోయాయి. చీటీ ఉంటే నెలకు పదిహేను వందలే. అదే ఆరు వేలు సెప్టెంబరు దాకా వచ్చేవి. తను చేసిన తప్పు రెండు నెలలు నిద్రపోయి ఆగస్టులో లేచింది: సామేలు, మూడు వేలు బాకీ.

లిస్టు చూసి నవనీతే కిటికీ దగ్గరికి వచ్చింది.

"మేడం, ఈ సామేలన్నది పోయినేడు సగమే కదా? ఈసారి చీటీ ఏమన్న వచ్చిందా?"

కరుణ రసీదు పుస్తకం లోంచి తల ఎత్తలేదు. "రాలే."

"నిజంగ రాలేదా?"

"వస్తే ఇయ్యనా? నీ మీద నాకేం పగనా?"

సెప్టెంబరు ఒకటిన బాకీదారులందరికీ ఫోన్లలో మెసేజీలు వెళ్లాయి. సామేలుకూ వెళ్లింది.

కరుణ ఎదురు చూసింది. అతను రాలేదు. వారం తర్వాత రాజశ్రీ బడికి రావడం మానేసింది. పదిహేనో తారీఖున సామేలు నుంచి ఒక తెల్లకాగితం వచ్చింది: మా అమ్మాయికి టీసీ ఇప్పించగలరు. సార్ దాని మీద పెన్నుతో రాశాడు: సెప్టెంబరు వరకు ఆరు వేలు కట్టిన తర్వాత.

గొడవ జరగకుండా పిల్ల వెళ్లిపోతోంది. కరుణకు భయం వేసిందని చెప్పాలి. అయితే దానికంటే ముందు కోపం వచ్చింది. ఈ మనిషి నవనీతను ఎందుకు నిలదీయడు?

ఆ మధ్యాహ్నం ఆమె తార్నాక నుంచి క్యాంపస్‌లోకి నడిచింది. మెస్ వెనక వాకిట్లో సామేలు ఆరబెట్టిన గుండిగల మధ్య కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

"కరుణమ్మా! గింత ఎండల వచ్చినవు? కూసో. మజ్జిగ తాగుతవా?"

"మజ్జిగ తర్వాత. బిడ్డనెందుకు మాన్పిస్తున్నవు? పోయి అడుగరాదు మీ నవనీతమ్మను, నా చీటీ ఏమైందని?"

సామేలు చేతిలోని వెల్లుల్లి గడ్డను కింద పెట్టాడు.

"ఏమని అడుగుత? చీటీ నీ చేతికే ఇచ్చిన, నువ్వు ముద్ర గుద్దినవు. అయినా బాకీ వచ్చిందంటే సార్ ఆ తగ్గింపు కొట్టేసిండని కాదా? సార్ వాళ్లమ్మ మంచంల పడ్డది, ఆమె మాట ఇంకెవలు వింటరు? నవనీతమ్మ నౌకరిల కొత్త. నేను పోయి లొల్లి జేస్తే ఆమె సార్‌తోని కొట్లాడుతది. నాకు ఎరుకే ఆమె సంగతి. నా కోసం ఆ పిల్ల మాటలు పడాల్నా?"

"ఆమె వచ్చిందా గీడికి?"

"మొన్న వచ్చింది. పైసలు నేను గడ్త, బిడ్డను పంపమన్నది. నేనే ఒద్దన్న. లాలాపేట సర్కారు బడి దగ్గర పడ్తదని అబద్ధం చెప్పిన." అతను చిన్నగా నవ్వాడు. "రాజశ్రీ రెండు దినాల సంది నాతోని మాట్లాడ్తలేదు."

మజ్జిగ తాగి కరుణ లేచింది. దారి పొడుగునా ఆమెను తొలిచింది రాజశ్రీ కాదు. పంతొమ్మిదేళ్లలో తన కోసం ఎవరైనా ఇలా ఒక మాట మింగుకున్నారా? తను మాటలు పడకూడదని ఎవరైనా అబద్ధం చెప్పారా? ఆ పిల్లకు రెండేళ్ల హాస్టల్లో, రెండు గరిటెల పాయసంతో ఇదంతా దొరికింది. చౌరస్తా దగ్గర మెట్రో స్తంభం నీడలో ఆగి చెంగుతో మొహం తుడుచుకుంది. అసూయతో మండుతోందని ఆమెకు తెలుసు, దానికి వేరే పేరు పెట్టలేదు. ఆ మంటతోనే, రెండు రోజులుగా నాన్నతో మాట్లాడని పిల్ల కూడా గుర్తొచ్చింది. మొదటి తరగతిలో కిటికీ అందక, రసీదు కోసం ఎగిరిన పిల్ల.

బడికొచ్చి డబ్బా తెరిచింది. చీటీని నవనీత ఫైలులో ఎక్కడో మధ్యలో దూర్చేద్దామని బల్ల దాకా వెళ్లింది. ఫైలు తెరిచింది కూడా. ముప్పై నాలుగు చీటీలు వరుసగా, ఒక్కొక్కటి నంబరు వేసి, అతికించి ఉన్నాయి. మధ్యలో ఎక్కడా చోటు లేదు.

"ఏం వెతుకుతున్నరు మేడం?"

నవనీత వెనకే ఉంది. కరుణ చీటీని బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చ సిరా, పైన జూన్ పన్నెండు ముద్ర.

నవనీత చీటీని, ముద్రను చూసింది. మొహం ఎర్రబడింది.

"రాలేదన్నరు కదా మేడం."

"అన్న."

"ఎందుకట్ల?"

"నీ పేరు పోవాలని," అంది కరుణ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "పిల్ల పోతదనుకోలే."

నవనీత కుర్చీలో కూర్చుని కంప్యూటర్ తెరిచింది. ఓదార్చలేదు, తిట్టలేదు. వేళ్లు మాత్రం గట్టిగా పడుతున్నాయి.

"మూడు నెలలకు తొమ్మిది వేలు ఆదాయం రాసిన. రాయాల్సింది నాలుగున్నర వేలే. మిగిలిన నాలుగున్నర వెనక్కి తీయాలె. అందుల మూడు వేలు బాకీ కొట్టేసుడు. పదిహేను వందలు మళ్ల అడ్వాన్స్‌లకు పోతది, అది ఈ నెల చదువుకు. సామేలన్న మనకు రూపాయి బాకీ లేడు." తర్వాత చీటీని కరుణ వైపు జరిపింది. "దీని కింద రాయుండ్రి. ఏ తారీఖున మీకు వచ్చింది, ఏ తారీఖున నాకు ఇచ్చిండ్రు. సంతకం పెట్టుండ్రి."

"సార్ చూస్తడు కదా."

"చూస్తడు. ఆడిటర్ కూడ చూస్తడు. ఆదాయం ఎందుకు తగ్గిందని అడిగితే నేనేం చూపించాలె మేడం?"

"నువ్వే పోగొట్టుకున్నవని రాసుకోరాదు? నిన్ను సార్ ఏమనడు."

అన్నాక సిగ్గేసింది. నవనీత పెన్ను మూత తీసి అందించింది. కరుణ రాసింది. జూన్ పన్నెండున ముట్టింది. సెప్టెంబరు పదిహేనున ఇచ్చాను. సంతకం.

సార్ మరునాడు పిలిచి చాలా మాటలన్నాడు. కిటికీ నుంచి తీసేస్తానన్నాడు. చివరికి, చీటీలు ఇక అమ్మ దగ్గరి నుంచి నేరుగా నవనీతకే పోవాలన్నాడు. కరుణకు కిటికీ మిగిలింది, చీటీలు పోయాయి. ఆ సాయంత్రమే ఆమె మళ్లీ మెస్ వెనక్కి వెళ్లి, బాకీ లేదని, తప్పు తనదని సామేలుకు చెప్పింది. అతను "మజ్జిగ అయిపోయింది," అన్నాడు.

దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు సామేలు రెండో టర్ము ఆరు వేలతో వచ్చాడు. పక్కన రెండు జడల రాజశ్రీ. అతను కిటికీ ముందు నిలబడి లోపలికి చూశాడు.

"నవనీతమ్మ ఉన్నదా?"

కరుణ డబ్బు లెక్కపెట్టి, రసీదు చింపి రాజశ్రీకి అందించింది. "ఉన్నది," అంది. "నవనీతా, నీ కోసమే వచ్చిండ్రు."

లోపల నవ్వులు మొదలయ్యాయి. పప్పుచారు మాట వచ్చింది. కరుణ రసీదు పుస్తకం వైపు వంగి, ఒక్క మాట కూడా పోకుండా అంతా వింది.