నా ఊహ, నేను చూసింది

మేడ మీద కుళాయిలో నీళ్ళు రావు. ఆ సంగతి స్కూలు మొత్తానికి తెలుసు, ఒక్క టైమ్‌టేబుల్ వేసేవాళ్ళకే తెలియదు. అందుకే మూడో తరగతి సైన్సు నాకు మేడ మీద పడింది. బకెట్టు మోసుకుంటూ రెండుసార్లు మెట్లెక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. సగం నీళ్ళు నా చీర కుచ్చిళ్ళు తాగేశాయి. మిగిలినవి ప్లాస్టిక్ టబ్బులో పోసి, బల్ల మీద పెట్టి, ఒక నిమిషం అలా నిలబడ్డాను. సంవత్సరం చివరికి వచ్చేసరికి టీచరన్నవాళ్ళందరూ అలాగే నిలబడతారు, పనేదో మరిచిపోయినట్టు.

కానీ ఆరోజు మరిచిపోయే రోజు కాదు. సాయంత్రం పిల్లల ప్రమోషన్ లిస్టు ఖాయం చేస్తారు. అందులో ఒక పిల్ల పేరు పక్కన మా హెడ్ మేడం పెన్సిలుతో "మళ్ళీ మూడు" అని రాసి పెట్టారు. ఆ పిల్లని క్లాసులో అందరూ రబ్బరు అంటారు. అసలు పేరుతో పిలిస్తే తనే పలకదు.

రాసిందల్లా చెరిపేస్తుంది, అందుకని ఆ పేరు. కూడికలో ఎనిమిది వేస్తుంది, చెరుపుతుంది, తొమ్మిది వేస్తుంది, అదీ చెరుపుతుంది, చివరికి మళ్ళీ ఎనిమిదే వేయబోతే అక్కడ కాగితం ఉండదు, చిల్లు ఉంటుంది. పరీక్ష పేపరు తెల్లగా ఇచ్చేస్తుంది. ఏమ్మా అని అడిగితే నోట్లో నాలుక లేనట్టు నిలబడుతుంది. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. ఒకసారి వచ్చి, "ఇంట్లో బాగానే మాట్లాడుద్ది టీచరు గారూ, ఇక్కడేమైందో" అని చేతులు నలుపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ పిల్లకి రాదని నేననుకోను. తప్పు పడుతుందేమోనని భయం, అంతే. ఆ మాట హెడ్ మేడంకి చెబితే, "భయానికి మార్కులెలా వేస్తామండీ? ఏదన్నా కాగితం మీద చూపించండి" అన్నారు. ఆ కాగితం కోసమే ఈ సైన్సు క్లాసు.

షీటు పంచాను. పైన "తేలుతుందా, మునుగుతుందా?" అని ఉంది. కింద మూడు గళ్ళ పట్టిక. మొదటి గడిలో వస్తువు, రెండో గడిలో "నా ఊహ", మూడో గడిలో "నేను చూసింది". అడుగున ఒక గీత, "ఇప్పుడు నేను అనుకునేది" అని.

"ముందు ఊహ రాయాలి. పెన్నుతో. ఆ తర్వాతే వస్తువు నీళ్ళలో వేస్తాను. ఊహ తప్పయితే తప్పే, దానికి మార్కులు పోవు. చెరపకూడదు. మరీ మార్చాలనిపిస్తే ఒక గీత కొట్టి పక్కన రాయండి," అన్నాను. "ఇక అందరి రబ్బర్లూ ఇటు ఇవ్వండి."

"ఎందుకు టీచర్?"

"మొదటి వస్తువు అదే."

క్లాసంతా గొల్లుమంది. డబ్బా తీసుకుని వరసల మధ్య తిరిగాను. ఆ పిల్ల తన రబ్బరుని గుప్పిట్లో పట్టుకుంది. అరిగి అరిగి శనగగింజంత అయింది. చెయ్యి చాపి నిలబడ్డాను. వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. నాకు నిజంగానే జాలేసింది, కానీ తీసుకున్నాను.

రబ్బర్లు టబ్బులో వేశాను. అన్నీ బుడుంగున అడుక్కి పోయాయి. తర్వాత మేకు, గోళీ, ప్లాస్టిక్ మూత, లావు కొవ్వొత్తి ముక్క, చెక్క దిమ్మ, తొక్కతో ఉన్న నారింజ. మేకూ గోళీ మునిగాయి, మిగతావి తేలాయి. ముందు బెంచీల వాళ్ళు ఊహల గడి ఖాళీగా ఉంచుకుని, వస్తువు నీళ్ళలో పడ్డాక నింపుతున్నారు. నాకు కనబడుతూనే ఉంది. అరిచే ఓపిక లేక ఊరుకున్నాను.

సరిగ్గా అప్పుడు హెడ్ మేడం వచ్చారు. చేతిలో లిస్టు. ఆవిడకీ పొద్దుటి నుంచి కూర్చునే తీరిక దొరికినట్టు లేదు, వస్తూనే నా కుర్చీలో కూలబడ్డారు. ముందు బెంచీ షీట్లు చూశారు. "బాగుందండీ, అందరివీ కరెక్టే." తర్వాత ఆ పిల్ల షీటు తీసుకున్నారు.

నేనూ తొంగి చూశాను. ఊహల్లో ఒక్క మూత తప్ప అన్నీ తప్పే. రబ్బరు తేలుతుంది. మేకు తేలుతుంది. గోళీ తేలుతుంది. కొవ్వొత్తి, దిమ్మ, నారింజ మునుగుతాయి. పక్క గడిలో మాత్రం చూసింది చూసినట్టే ఉంది.

"ఇదేంటండీ?" అన్నారు హెడ్ మేడం మెల్లగా, నా వైపు తిరిగి. "ఇది చూపించా నన్ను ఒప్పిద్దామనుకున్నారు?"

"నీళ్ళు చూశాక రాస్తే అందరివీ కరెక్టే అవుతాయి మేడం. వీటిలో ముందు రాసింది తనొక్కతే."

ఆవిడ నమ్మినట్టు లేదు. ఆ పిల్లని దగ్గరికి పిలిచారు. "అన్నీ తప్పు రాశావేమ్మా?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక పలకదులే అనుకున్నాను.

"అప్పుడు అలాగే అనుకున్నాను మేడం," అంది ఆ పిల్ల. "చిన్నవి తేలతాయి, పెద్దవి మునుగుతాయి అనుకున్నా."

హెడ్ మేడం షీటు అడుగున గీత మీద చూశారు. అక్కడ వంకర అక్షరాల్లో రెండు ముక్కలు: "చిన్నవి తేలాలని లేదు. పెద్దవి మునగాలని లేదు." ఎక్కడా చిల్లు లేదు.

ఆవిడ షీటు ఆ పిల్లకి తిరిగిచ్చారు. తర్వాత తేలుతున్న నారింజని తీసి, తొక్క ఒలిచారు. "ఇప్పుడిది? రాయి."

ఆ పిల్ల నిలబడే రాసింది: తేలుతుంది. "తొక్క పోయింది కదా, ఇంకా తేలికయింది," అంది.

నాకు తెలుసు ఏమవుతుందో. నిన్న వంటింట్లో చేసి చూశాను. చెప్పెయ్యాలనిపించింది, పళ్ళ బిగువున ఆపుకున్నాను. హెడ్ మేడం నారింజని వదిలారు. అది తిన్నగా కిందికి దిగి రబ్బర్ల పక్కన కూర్చుంది.

ఆ పిల్ల చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. జేబు ఖాళీ. కాసేపు టబ్బులోకి చూసింది. తర్వాత మూడో గడిలో "మునిగింది" అని రాసి, తలెత్తి, "ఎందుకు టీచర్?" అంది. ఏడాదంతా నన్ను ఏమీ అడగని పిల్ల.

"తొక్క నిండా సన్న సన్న గాలి అరలుంటాయమ్మా. దాన్ని తేల్చేది అదే. తొక్క తీసేస్తే బరువు తగ్గుతుంది, కానీ గాలి కూడా పోతుంది."

"నేనూ తేలుతుందనే అనుకున్నాను," అన్నారు హెడ్ మేడం, ఎవరితోనూ కాదన్నట్టు. లిస్టు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. పేర్ల మీద వేలు జరిపి ఒకచోట ఆపారు. "ఒక రబ్బరు ఇవ్వండి."

అన్నీ టబ్బులోనే ఉన్నాయి. ఆ పిల్ల మోచేతి దాకా చెయ్యి ముంచి, తన శనగగింజని వెతికి తీసింది. ఇవ్వబోతూ ఆగింది.

"తడి రబ్బరుతో చెరిపితే చిరిగిపోద్ది మేడం. ఒక గీత కొట్టి పక్కన రాయండి. టీచరు అలాగే రాయమన్నారు."

ఆ కాగితంలో ఉన్నది తన పేరేనని ఆ పిల్లకి తెలియదు. హెడ్ మేడం నా వైపు చూడకుండా నా పెన్ను తీసుకున్నారు. "మళ్ళీ మూడు" మీద ఒక గీత కొట్టి, పక్కన నాలుగు వేశారు.

గంట కొట్టారు. పిల్లలు రబ్బర్ల కోసం టబ్బు మీద పడి, మిగిలిన నీళ్ళు కూడా నా మీదే పోశారు. తడి చీరతోనే కాసేపు కూర్చున్నాను.