జవాబు అక్కర్లేని పార్సెల్

చర్చి స్త్రీల సమాజం వాళ్లతో కలిసి డోరా ఇంటికి వెళ్లి వచ్చినప్పటి నుంచి కాంతమణికి కంటి మీద కునుకు లేదు. డోరా బడి టీచరు, చర్చి క్వయర్‌లో ఏళ్ల తరబడి తన పక్కనే నిలబడి పాడిన మనిషి. భర్త మీద విడాకుల కేసు వేసి, అల్వాల్‌లో ఒక మేడ మీద వాటా తీసుకుని ఒక్కతే ఉంటోంది.

ఆ రోజు అందరూ జబ్బు మనిషిని చూడబోయినట్టు రొట్టె, యాపిల్ పళ్లు పట్టుకెళ్లారు. కాంతమణి, దేవుడు ఎన్నడూ విడిచిపెట్టడన్న వాక్యం ఉన్న ఫ్రేము తీసుకెళ్లింది. సమాజం పెద్ద విమలమ్మ కళ్లు మూసుకుని ఆ కాపురం మళ్లీ నిలబడాలని గట్టిగా ప్రార్థన చేసింది. డోరా నవ్వుతూనే అందరికీ చాయ్ ఇచ్చింది. ఆ తర్వాత చర్చికి రాలేదు. ఫోను ఎత్తలేదు.

డోరా ఏమన్నా చేసుకుంటుందేమోనని నిద్రమాత్రలు, ఫ్యాను, మేడ మెట్లు కాంతమణి కళ్ల ముందు తిరిగేవి. బేగంపేట ఆఫీసు నుంచి అలసి వచ్చిన కూతురు హదస్సా దగ్గర అదే పాట.

"మమ్మీ, ఆంటీకి మీరు ఇచ్చిందంతా ఆ కేసు గురించే ఉంది," అంది హదస్సా. "విడువడు అని రాసింది చూస్తే ఆమెకు మొగుడు కాక ఇంకెవరు యాదికొస్తరు? ఆ విషయం ముచ్చటే లేనిది ఏమన్న ఇయ్యి. థాంక్స్ చెప్పాల్సిన పని సుత పెట్టకు."

ఆ వాక్యం అట్లా గుచ్చుకుంటుందని కాంతమణి కలలో కూడా అనుకోలేదు.

మర్నాడు తామున్న కార్ఖానా పేట నుంచి మోండా మార్కెట్ దాకా వెళ్లింది. ఏది పట్టుకున్నా ఆ వస్తువు నోరు విప్పి మాట్లాడుతున్నట్టే ఉంది. ఒక కప్పు కొంటే ఒంటరిదానివంటుంది, జత కొంటే ఎత్తిపొడుస్తుంది. పూలు ఆసుపత్రిని గుర్తుచేస్తాయి. మంచి చీర కొంటే ఏ పెళ్లికి కట్టుకెళ్తుంది, అక్కడ నలుగురూ ఏమడుగుతారు? దుప్పటి మంచిదే, కానీ మంచం ఒంటిదో జంటదో తెలియదు. అడిగితే ఆ విషయం అడిగినట్టే. ఇంట్లో చేసిన పులిహోర ఇస్తే గిన్నె తిరిగి ఇవ్వాలి, ఖాళీగా ఇవ్వలేక అందులో ఏదో ఒకటి వండి పెట్టాలి. వంట చేసుకుంటోందో లేదో, పాపం.

చివరికి కుర్చీలో కూర్చుని ఒళ్లో కప్పుకునే మెత్తని చద్దరు ఒకటి తీసుకుంది. దానికి మంచం కొలతతో పని లేదు. బేకరీలో అరకిలో ఉస్మానియా బిస్కెట్లు అట్టపెట్టెలో కట్టించుకుంది. పెట్టె పారేస్తే చాలు, నాలుగు రోజులున్నా పాడుకావు, ఆకలి లేనివాళ్లు సుత చాయ్‌లో ఒకటి ముంచుకుంటారు. చీటీ మీద ఓర్చుకో అనీ, ధైర్యంగా ఉండమనీ రాయబోయి రెండుసార్లు చింపేసింది. బజారుకు పోతే కనబడ్డయి, ఫోను గీను చెయ్యకు అని మాత్రం రాసి, ఆటో అబ్బాయితో పంపించింది. వాడు తలుపు దగ్గర పెట్టి వచ్చానన్నాడు.

జవాబు వద్దన్నది తానే. రాకపోతే పరేషాన్ అయింది కూడా తానే. తలుపు తీసిందో లేదో. తీయడానికి మనిషి ఉందో లేదో. ఫోను చేతిలోకి తీసుకుంటే హదస్సా లాక్కుంది.

"ఇప్పుడు కాల్ చేస్తే అది గిఫ్ట్ కాదు, కాపలా అయితది."

మర్నాడు హదస్సా ఆఫీసుకు పోగానే కాంతమణి అల్వాల్ బస్సెక్కింది. దూరం నుంచి చూసి వచ్చేస్తానని తనకు తానే ఒట్టు పెట్టుకుంది. వీధి మలుపు తిరిగేసరికి, మేడ మీద తీగకు ఆ చద్దరు ఆరేసి ఉంది. తడిసి నీళ్లు కారుతోంది. కొత్త బట్ట ఉతకనిదే వాడదు డోరా. ఉతికిందంటే కప్పుకోవాలని ఉందన్న మాట. అది చాలనుకుంది కాంతమణి. ఇక వెనక్కి తిరగబోయింది.

"అక్కా, ఏడికి పోతున్నవ్?" పిట్టగోడ మీంచి డోరా తొంగి చూస్తోంది. చిక్కిపోయింది, కళ్ల కింద నలుపు.

"కూరగాయలకొచ్చిన."

"కార్ఖానాల దొరుకుతలేవా? పైకి రా, చాయ్ పెడ్తా."

లోపల సగం తిన్న బిస్కెట్ల పెట్టె బల్ల మీద ఉంది. తింటున్నావా, నిద్ర పడుతుందా, అతను ఫోను చేశాడా అని కాంతమణి ఒక్కటీ అడగలేదు. చాయ్ బాగుందంది. కింద వీధిలో కుక్కల గోల ఎక్కువంది.

"ఎల్లుండి కోర్టుల ఆయన ఎదురుంగ కూసోవాలె," అంది డోరా గ్లాసు తిప్పుతూ. "నాతోని వస్తవా అక్కా? ప్రార్థన గిట్ల వద్దు. ఊకనే పక్కన కూసో."

అక్కడ ఏం జరుగుతుందో, ఈ పిల్ల తట్టుకుంటుందో లేదో.

"ఎన్ని గంటలకు బయల్దేరాలె?" అని మాత్రం అడిగింది కాంతమణి.