పెద్దమ్మ పూర్తి చేయాల్సిన మాట

మా విజయరత్నం అన్న పంజాగుట్టలో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు అటువైపు బండరాళ్లు, సీతాఫలం పొదలు తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. జీవమణి వదినకు ఏడో నెల. బందరు నుంచి కాపురానికి వచ్చిన మనిషి, తల్లి లేదు. కాన్పుకు సుమిత్ర పెద్దమ్మ దగ్గరుండాలని ఆమె ఆశ. మా అమ్మ పోయాక అన్ననూ నన్నూ పెంచింది ఆ పెద్దమ్మే. అమీర్‌పేటలో ఒక్కతే ఉండేది.

అయితే పెద్దమ్మను వచ్చి ఉండమని నేరుగా అడగకూడదు. దిక్కులేనిదాన్ని చేరదీసినట్టు ఉంటుందని ఆమె పట్టింపు. మా ఇళ్లలో దానికో పద్ధతి ఉంది. అడిగేవాళ్లు సామెతలో మొదటి సగం చెప్పి ఊరుకోవాలి. పెద్దవాళ్లు రెండో సగం అందుకుంటే ఒప్పుకున్నట్టు. మాట మార్చి వానల సంగతో, బియ్యం సంగతో ఎత్తితే కాదన్నట్టు. ఎవరి ముఖమూ చిన్నబోదు.

పాత కుండ గురించిన సామెత ఒకటుంది. వాడిన కుండలోనే కూరకు రుచి అని దాని భావం. కుండతో మొదలై పొయ్యి దగ్గర ముగుస్తుంది. దాని మొదటి సగాన్ని వదినకు నేర్పాను. రెండోది పెద్దమ్మ సొత్తు కాబట్టి నేర్పలేదు.

కొత్తింట్లో చేరిన నెలకు పెట్టుకున్న ప్రార్థన అయ్యాక అందరం చాపల మీద భోజనానికి కూర్చున్నాం. పెద్దమ్మ బహుమానంగా తెచ్చిన కోడిపెట్ట వరండా స్తంభానికి కట్టి ఉంది. వదిన మాంసం కూర వడ్డించి, కొంగు సర్దుకుని, నేర్చుకున్న సగాన్ని తప్పు లేకుండా చెప్పింది.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ కూరలోని మూలుగ బొక్క నోట్లో పెట్టుకుంది. అందరం ఆమె వైపు చూశాం. జుర్రుకునే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ నిశ్శబ్దానికి వదిన కంగారుపడింది. మిగతా సగం కూడా తనే చెప్పాలేమో అనుకుని, ఎక్కడో విన్న ఒక తోక తెచ్చి అతికించింది. అది పాలివ్వడం మానేసిన ముసలి పశువుకు మేత దండగని చెప్పే సామెత తోక.

పక్కనే తింటున్న దయారత్నం బాబాయికి పొలమారింది. పెద్దమ్మ బొక్కను విస్తరి అంచున పెట్టింది.

"విన్న బిడ్డా," అంది.

చేయి కడుక్కుని, కోడిని విప్పి చంకన పెట్టుకుని గుర్రపు టాంగా ఎక్కింది. అన్న వెనకాలే పరుగెత్తాడు.

"పెద్దమ్మా, జర ఆగు."

"ఎందుకురా? గీడనే ఉంటే మీకు మేత దండగ. నీ పెండ్లాం మస్తు తెలుగు నేర్చింది."

వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. "నేనేం తప్పన్నాను? రమ్మనేగా అడిగాను?" అంది. నేను అర్థం చెప్పాక ఇక అన్నం ముట్టలేదు.

మర్నాడు ఆమెను అమీర్‌పేట తీసుకుపోయాను. పెద్దమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"అత్తయ్యా, ఆ మాట మీ గురించి కాదండీ," అంది వదిన.

"మరెవరి గురించి? కుండతోని షురూ చేస్తివి, కొట్టంల తేలితివి. గట్ల అతుకుతదా? కుండ పొయ్యి మీదికి పోవాలె గని, బర్రె దగ్గరికి ఎందుకు పోతది? యాడ విన్నవు?"

"పాలు పోసే మొగిలయ్య అండీ. వాళ్ల ముసలి బర్రె మా గేటు దగ్గర పడుకుంటే రోజూ దాన్ని అదే అంటుంటాడు. ఆ యాస నాకర్థం కాక, ముద్దుగా పిలుస్తున్నాడేమో అనుకున్నాను. మీరు పలకకపోయేసరికి భయమేసింది."

పెద్దమ్మ చేయి ఆగింది.

"నా నోట్ల బొక్క ఉండె గదనే. ఎట్ల పలుకుత?"

ముందు ఆమె భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట. ఒళ్లోని గింజలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. "బర్రెకు పెట్టిన మాట నాకు పెట్టిందే," అంటూ కళ్లు తుడుచుకుంది. వదిన కూడా నవ్వబోయింది గానీ ఏడుపొచ్చింది. పెద్దమ్మ చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇప్పుడు నా నోరు ఖాళీగుంది. మల్ల చెప్పు. సగమే."

వదిన కుండ సామెతలో మొదటి సగం చెప్పింది. చెప్పి, పెదాలు బిగించి ఊరుకుంది. పెద్దమ్మ తొందరపడలేదు. గింజలన్నీ ఏరి చేటలో వేసింది. తర్వాత కుండను తీసుకుపోయి పొయ్యి మీద పెట్టినట్టు, రెండో సగం నిదానంగా చెప్పింది.

వదిన నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"చూస్తరేంది? బట్టల మూట నేను గట్టుకుంట," అంది పెద్దమ్మ లేస్తూ. "మీరు పోయి కోడిని పట్టుండ్రి. దానికి సుత టాంగా ఎక్కుడు అలవాటైంది."