సగం వంతు వరుస

మా గదిలో లెక్కలన్నీ భాగ్య చేతిలో ఉంటాయి. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ముగ్గురం ఉంటాం. భాగ్య అబిడ్స్‌లో బట్టల షాపు క్యాషియర్. జమున మొబైల్ షాపులో సేల్స్. నేను డోర్కాస్‌ని, ఒక ల్యాబ్‌లో రక్తం తీస్తాను. ముగ్గురి ఫోన్లలోనూ ఒకటే షీట్. కిరాయి, కరెంటు సమానంగా మూడు భాగాలు. సరుకులు మాత్రం తినేవాళ్ల వంతుల లెక్కన. ఊరినుంచి ఎవరైనా వచ్చి వారం దాటి ఉంటే సగం వంతు, అది తీసుకొచ్చినవాళ్ల మీద పడుతుంది.

మా అమ్మ డయాలసిస్ కోసం మెదక్ నుంచి వచ్చి రెండు నెలలు మా దగ్గరే ఉంది. భాగ్య కొత్త వరుస పెట్టింది: సుగుణమణి ఆంటీ, 0.5. "నేను సగం మనిషినా ఏందే?" అని అమ్మ భాగ్యను ఆటపట్టించింది.

పోయిన నెలాఖరులో అమ్మ పోయింది. మెదక్‌లో సమాధి చేసి వచ్చాం. ల్యాబ్‌వాళ్లు ఇచ్చిన సెలవు నాలుగు రోజులే, ఒకటో తారీఖుకల్లా మళ్లీ సూది పట్టుకున్నాను. ప్రభువు పిలుచుకున్నాడు అన్నారు పాస్టరుగారు. సరే అన్నాను. నాకేమీ అనిపించలేదు. తిన్నాను, పడుకున్నాను, చెయ్యి బిగబట్టిన పేషెంట్ల మీద అరిచాను. అంతే.

ఈ నెలాఖరు ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి షీట్ తయారుగా ఉంది. కిరాయి పన్నెండు వేలు భాగ్య కట్టింది. సరుకులు ఆరువేల మూడు వందలు జమున తెచ్చింది. కరెంటు పన్నెండు వందల అరవై నేను కట్టాను. నా పేరు కింద అమ్మ వరుస అలాగే ఉంది. మూడున్నర వంతులు. మాకు తలా పద్దెనిమిది వందలు, అమ్మకు తొమ్మిది వందలు. అది నా మీదే పడి, నేను భాగ్యకు, జమునకు కలిపి ఐదువేల ఎనిమిది వందల అరవై ఇవ్వాలని చూపిస్తోంది.

నేను ఫోన్లో డబ్బు పంపబోయాను.

"ఆగు," అంది జమున. "ఆంటీ వరుస ఇంకా ఉన్నదేంది? భాగ్యా, పోయిన నెలది కాపీ కొట్టి మర్చిపోయినవా? అక్క మీద తొమ్మిది వందలు ఊకెనే పడ్తున్నయి."

భాగ్య ఫోన్ మీదకు వంగింది.

"ముట్టుకోకు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా పైసలు, నా ఇష్టం. ఉండనీ. మీకేం నొప్పి?"

అది తీసేస్తే అమ్మ పేరు రాసి ఉన్న చోటు ఈ ఊళ్లో ఇంకెక్కడా లేదు. దవాఖాన చీటీలు కూడా తమ్ముడు పట్టుకుపోయాడు. నెలకు తొమ్మిది వందలతో అమ్మ ఉంటుందంటే నేను కడతాను.

"నొప్పి కాదక్కా," అంది జమున మెల్లగా. "గది వదిలేదాంక గిట్లనే కడ్తవా?"

"కడ్తా."

భాగ్య తలెత్తలేదు. "నేను మర్చిపోలె," అంది.

ఇద్దరం దాని వైపు చూశాం.

"సరుకులు తగ్గలె గదా. బిల్లు చూడు, పోయిన నెలంతనే. వంట నీదే కదక్కా. నెలంతా మూడున్నర గ్లాసుల బియ్యమే పోస్తున్నవ్. మిగిలింది నేను, జమున పొద్దుగాల పోపేసుకొని తింటున్నం. వంతు తీసేద్దామని షీట్ తెరిచిన. నువ్వు ఇంకా పోస్తుంటే నేనెట్ల తీస్తా?"

"నేనా?" అన్నాను. "మూడున్నరా?"

"ఔ. రోజూ."

"మరి చెప్పొద్దా?"

"చెప్తే ఏడుస్తవని కాదు," అంది భాగ్య. "నువ్వు ఏడుస్తలేవని భయమైంది."

నాకు నిజంగా గుర్తులేదు. గ్లాసు ముంచడం గుర్తుంది, ఎన్నిసార్లో గుర్తులేదు. ఇన్నాళ్లూ అమ్మకు వండుతూ, అమ్మకు వడ్డించకుండా, అది కూడా తెలియకుండా తిరిగాను.

"తియ్యి," అన్నాను.

"నేను తియ్య," అంది భాగ్య. "నువ్వే తియ్యి."

ఆ వరుస మీద వేలు పెట్టి తీసేశాను. లెక్కంతా తనంతట తానే మారిపోయింది. వంతులు మూడు. సరుకులు మనిషికి రెండువేల నూరు. నేను ఇవ్వాల్సింది ఐదువేల రెండు వందల అరవైకి తగ్గింది. ఎనభై రూపాయలు రావాల్సిన జమున పేరు పక్కన, ఇప్పుడు రెండు వందల ఇరవై ఇవ్వాలని ఎర్రగా వచ్చింది. జమున వెంటనే భాగ్యకు పంపేసింది.

నేను షీట్ వైపే చూస్తున్నాను. ముగ్గురి పేర్లూ వరసగా ఉన్నాయి, మధ్యలో ఖాళీ కూడా లేదు.

"మా అమ్మ సచ్చిపోయింది," అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. అన్నాక ఇక ఆగలేకపోయాను.