కత్తిరించిన పేరా

పేపర్లు దిద్దే మూడో రోజు మధ్యాహ్నం ఆ పేపరు నా బల్ల మీదికి వచ్చింది. పేరుండదు, నంబరే. వందకు ముప్పై ఒకటి. నలభై వస్తేనే పాసు. ఇలా గట్టు దగ్గర ఆగిపోయినవాళ్ళ పేపర్లను రెండోసారి చూడటమే నా పని. అంత గొప్ప పనేం కాదు. ఎక్కడో రెండు మార్కుల కూడిక తప్పు దొరుకుతుంది, ఎవరో ఒకరు గట్టెక్కుతారు, నేను టీ తాగుతాను.

ఈ పేపర్లో కూడిక సరిగ్గానే ఉంది. తేడా ఐదో ప్రశ్న దగ్గరుంది. ‘పేద దేశాలు ధనిక దేశాలకు ఎందుకు దగ్గరవుతాయో ఆర్థికవేత్త సోలో వృద్ధి నమూనాతో వివరించండి.’ ఇరవై మార్కుల ప్రశ్న. ఏటేటా చుట్టంలా తప్పకుండా వస్తుంది. మొదటిసారి దిద్దినాయన దానికి నాలుగు వేసి, జవాబులోని రేఖాపటం మీద ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాడు. గీత కాగితం అవతలి పక్కకు కూడా దిగింది. అంత కోపం దేనికా అని చదవడం మొదలుపెట్టాను.

‘పదిమంది పనిచేసే కుట్టు షెడ్డులో ఆరే మిషన్లున్నాయి. మిగతావాళ్ళు చేత్తో కుడతారు. అక్కడ ఏడో మిషన్ వస్తే పని బాగా పెరుగుతుంది. మనిషికొక మిషనున్న పెద్ద ఫ్యాక్టరీలో ఇంకొకటి తెచ్చిపెట్టినా పెరిగేది కొంచెమే. కాబట్టి షెడ్డే వేగంగా ఎదగాలి. కానీ ఎదగడం లేదు. ఎందుకంటే ఏటా మిగుల్చుకున్నదంతా అరిగిన మిషన్లు బాగుచేయడానికీ, కొత్తగా చేరినవాళ్ళకు మిషన్లు ఇవ్వడానికీ సరిపోతోంది. మనిషి వంతు మాత్రం పెరగడం లేదు.’

చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

ఈ మాటలు నేను ఇదివరకు విన్నాను. మూడేళ్ళ కిందట నా క్లాసులో, కిటికీ పక్క బెంచీ నుంచి. ఒక కుట్టు షెడ్డులో సూపర్‌వైజరు ఆవిడ. పెళ్ళై ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్ళీ చదువుకు వచ్చింది. ప్రతి పాఠానికీ ఒక అడ్డుప్రశ్న వేసేది, అందుకని నేనే ఆవిడకు ‘అడ్డుప్రశ్న’ అని పేరు పెట్టాను. క్లాసంతా నవ్వేది. ఆవిడా నవ్వేది. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

“మేడమ్, అలా అయితే పదిమందికి ఆరే మిషన్లున్న మా షెడ్డు పదేళ్ళుగా ఎందుకు అలాగే ఉంది?” అని అడిగింది.

“ముందు పరీక్ష పాసవ్వండి తల్లీ, తర్వాత మీ షెడ్డు సంగతి చూద్దాం” అన్నాను. మళ్ళీ నవ్వులు. ఆవిడ రెండుసార్లు ఈ పేపరే తప్పింది. ఇంకొక్కసారే అవకాశం ఉంది, అదీ ఈసారే. ఇది పాసైతేనే డిగ్రీ. డిగ్రీ ఉంటేనే షెడ్డు వదిలి ఆఫీసులో కూర్చునే ఉద్యోగం.

మిగతా జవాబు చదివాను. అంకెలు వేసింది. ఉత్పత్తి పెట్టుబడికి వర్గమూలం అనుకుంది. పేద దేశంలో మనిషి వంతు పెట్టుబడి రెండుంపావు, ఉత్పత్తి ఒకటిన్నర. అందులో నూటికి పన్నెండు పొదుపు, అంటే 0.18. అరుగుదలకూ పెరిగే జనానికీ పెట్టుబడిలో నూటికి ఎనిమిది కావాలి. అదీ 0.18. వచ్చింది వచ్చినట్టే పోయింది, దేశం అక్కడే ఆగింది. ధనిక దేశం నూటికి ముప్పై పొదుపు చేస్తుంది, అరుగుదలకూ జనానికీ పోయేది పెట్టుబడిలో నూటికి ఆరు. అది పెట్టుబడి ఇరవై ఐదు దగ్గర, ఉత్పత్తి ఐదు దగ్గర ఆగింది. కొత్త మిషన్ వల్ల వచ్చే లాభం పేద దేశంలోనే మూడింతలకు పైన, అయినా ఆ దేశం కదలదు. అదే పేద దేశం ధనిక దేశంలాగే పొదుపు చేసి, జనమూ అరుగుదలా అంతే ఉంటే, 0.45 వస్తుంది, 0.135 పోతుంది. అప్పుడు పరుగెత్తుతుంది. ఆ పరుగు కూడా దగ్గరయ్యేకొద్దీ తగ్గుతుంది.

చివర ఇలా ఉంది: ‘ఏ దేశమైనా తన గమ్యం వైపే నడుస్తుంది. దానికి ఎంత దూరంగా ఉంటే అంత వేగం. సాంకేతికత, పొదుపు, జనాభా పెరుగుదల, అరుగుదల ఒకటైతేనే రెండు దేశాల గమ్యం ఒకటవుతుంది. అప్పుడే పేదది ధనికదాన్ని అందుకుంటుంది.’

ఒక్క తప్పు లేదు. కొట్టేసిన పటంలో రెండు పొదుపు గీతలున్నాయి, రెండూ ఉండాల్సినవే. జవాబుల కీ తెరిచాను. ‘పేద దేశంలో పెట్టుబడి తక్కువ, దాని ప్రతిఫలం ఎక్కువ. కాబట్టి పేద దేశాలు వేగంగా పెరిగి ధనిక దేశాలను చేరుకుంటాయి. ముగింపుకు ఆరు మార్కులు.’ ఆ వాక్యాలు నావే.

కాకిపిల్ల కాకికి ముద్దు. నేను రాసిన గైడంటే నాకు అంత ముద్దు. పసుపు అట్ట, పది ముద్రణలు, ఏ పిల్ల సంచీలో చూసినా అదే. అందులో ఆ జవాబు కింద ‘ఇది ఎప్పుడు నిజం’ అని ఒక పేరా ఉండేది. నాలుగో ముద్రణప్పుడు పుస్తకం పదహారు పేజీల ఫారానికి మించి ఎనిమిది వరుసలు ఎక్కువైంది. ప్రెస్సు చూసుకునేది మా ఆయనే. “ఎనిమిది వరుసల కోసం ఇంకో పదహారు పేజీలు కట్టాలి. ఎక్కడో ఒకచోట కత్తిరించు” అన్నారు. “ఎక్కడ?” అని అడిగితే, “అది నువ్వు చెప్పాలి, నేను ఎకనామిక్స్ చదివానా?” అన్నారు. నేను చెప్పాను. ముందు ఉన్న మాట గుర్తుంటే చాలు, మార్కులు దానికే కదా అనుకున్నాను.

తేలు కుట్టిన దొంగలా పావుగంట కూర్చున్నాను. తర్వాత లేచి పెద్దసారు గదిలోకి వెళ్ళాను.

పెద్దసారు చీఫ్ ఎగ్జామినరు. నాకు ఈ పాఠం చెప్పింది ఆయనే. రెండు కళ్ళకూ ఆపరేషనై, భూతద్దంతో చదువుకుంటున్నారు. పేపరు ముందు పెట్టి మొత్తం చదివి వినిపించాను.

“బాగా రాసింది” అన్నారు. “కానీ అమ్మాయ్, కీ ప్రకారం తప్పు.”

“కీయే తప్పు సార్.”

ఆయన భూతద్దం కింద పెట్టారు. “ఈసారి కళ్ళు కనపడక నీ గైడు పక్కన పెట్టించుకుని రాయించాను. నువ్వు తప్పు రాయవని.”

ఆ పేరా కత్తిరించిన సంగతి అప్పుడే ఆయనకు చెప్పాను.

“ఇప్పుడు కీ మారిస్తే నీ గైడు బట్టీపట్టి రాసినవాళ్ళంతా ఏమవుతారు? నువ్వు నేర్పిందే వాళ్ళు రాశారు. ఆ ఆరు మార్కులు తీసేస్తే ఎంతమంది గట్టు మీద నుంచి కిందికి జారతారో లెక్కేశావా?”

“వాళ్ళకు తీసేయొద్దు సార్. షరతులు రాసినవాళ్ళకు మాత్రం పూర్తిగా వేద్దాం. ఐదో ప్రశ్నకు పదిలోపు వచ్చిన ప్రతి పేపరూ మళ్ళీ చూద్దాం.”

“నాలుగు వేల పేపర్లు! దిద్దేవాళ్ళు నన్ను రాళ్ళతో కొడతారు.” భూతద్దం మళ్ళీ చేతికి తీసుకున్నారు. “బోర్డుకు కారణం రాయాలి. ఎవరి తప్పని రాయను?”

“నాదని రాయండి.”

“నేను రాయను. నువ్వే రాసి సంతకం పెట్టు. గైడు పేరుతో సహా.”

రాశాను. అరపేజీ. పదో ముద్రణ వరకు ఆ లోపం అలాగే ఉందని, తెలిసే కత్తిరించానని. ‘తెలిసే’ అన్న మాట దగ్గర కలం ఆగింది. అబద్ధం రాయడం వచ్చు, ఆ పూట చేతకాలేదు.

మరో రెండు రోజులు పని పెరిగింది. దిద్దేవాళ్ళు నన్ను తిట్టుకోవడం నాకు వినపడేలాగే తిట్టుకున్నారు. కట్టలన్నీ విప్పితే అలాంటి పేపర్లు పదకొండు దొరికాయి. ముప్పై ఒకటి వచ్చిన పేపరుకు నాలుగు కొట్టేసి పద్దెనిమిది వేశాను. మొత్తం నలభై ఐదు. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో కూర్చుని ఏడ్చాను. సంతోషమే అనుకున్నాను.

పాత పేపర్ల సంగతి కూడా అడిగాను. ఏడాది దాటితే చించి అమ్మేస్తారట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. గత రెండేళ్ళూ ఇదే హాల్లో నేనూ దిద్దాను, కీ తెరవకుండా నా గైడులోని జవాబు ప్రకారమే. పటం మీద అడ్డగీత నేనే కొట్టి ఉంటానేమో కూడా తెలియదు.

ఫలితాలు వచ్చాక కుట్టు షెడ్డుకు వెళ్ళాను. భోజనం వేళ. మిషన్లు ఆగి ఉన్నాయి. లెక్కపెట్టాను, ఆరే. రెండింటి మీద గుడ్డ కప్పి ఉంది. అడ్డుప్రశ్న నన్ను చూసి కంగారుగా లేచి, కుర్చీ తుడిచి వేసింది.

“పాసయ్యాను మేడమ్!” అంది. “నేనే వచ్చి చెప్దామనుకున్నా. అరవై రెండు!”

“నలభై ఐదు కదా” అని నోరు జారాను.

“కాదు మేడమ్, అరవై రెండు. చూడండి” అని మిషన్ సొరుగులోంచి కాగితం తీసి చూపించింది. అరవై రెండే.

“ఐదో ప్రశ్న ఏం రాశారు?”

ఆవిడ కాస్త గర్వంగా నిలబడింది. “మీ గైడులో ఉన్నది ఉన్నట్టు రాశాను మేడమ్. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మొదటి రెండుసార్లు నా తెలివంతా చూపించి షెడ్డు సంగతి రాశాను, తప్పాను. ఈసారి మా ఆయన ఒకటే చెప్పాడు, ‘నీకు డిగ్రీ కావాలా, జవాబు కావాలా’ అని. మూడు నెలలు కూర్చుని బట్టీపట్టాను.”

మరి ఆ పేపరు ఎవరిది? ఆ రోజు క్లాసులో నవ్వినవాళ్ళలో ఎవరో ఒకరు నవ్వుతూనే విని గుర్తుపెట్టుకున్నారు. నేను మాత్రం వినలేదు.

“అభినందనలమ్మా” అన్నాను. అంతటితో వచ్చేయొచ్చు. ఆవిడ సంతోషంగా ఉంది, చెడగొట్టడం దేనికి? కానీ కాళ్ళు కదల్లేదు. “ఆ రోజు మీరు అడిగింది సరైన ప్రశ్న. నేను నేర్పిందే సగం. మొదటి రెండుసార్లు మీరు రాసిందే సరైన జవాబు.”

ఆవిడ గుడ్డ కప్పిన మిషన్ల వైపు చూసింది. తర్వాత కాగితాన్ని జాగ్రత్తగా మడిచి మళ్ళీ సొరుగులో పెట్టింది.

“మీరు చెప్పిందే నిజమనుకుని నాది మరిచిపోయాను మేడమ్” అంది. “మరిచిపోవడానికే మూడు నెలలు పట్టింది.”