అల్మారా పైన బరువు

ఊరందరి ఇళ్లలో అల్మారాలు బిగించే మా ఆయనకు, ఇంట్లో అల్మారా మాత్రం లొంగలేదు. పక్కకు జరిపే తలుపులవి. పై పట్టాలో చక్రాల మీద వేలాడుతూ హాయిగా నడవాలి. మధ్యకు వచ్చేసరికి కింది గాడిని గీరుతూ కీచుమనేవి. నా చెవులు చిల్లులు పడుతున్నాయని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

ఆయన గాడిలో పేరుకున్న దుమ్మూ వెంట్రుకల ఉండలూ పాత టూత్‌బ్రష్‌తో గీకి తీశాడు. గీరుడు పోలేదు. పై చక్రాల దగ్గరి స్క్రూలు తిప్పి తలుపును కాస్త లేపాడు. గీరుడు పోయింది గానీ, చివరిదాకా తోసేసరికి తలుపు అడుగు గాడిలోంచి తప్పుకుని నా మీదికి ఊగింది. దించితే గీరడం, లేపితే గాడి తప్పడం. నెలల తరబడి ఇదే వరస.

మా అమ్మాయి మంచం అంచున కూర్చుని చూస్తోంది. మొగుడితో గొడవపడి వారం రోజులకని వచ్చింది. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. ఇవాళో రేపో అల్లుడు పిలుస్తాడని ఆశ. అందుకే రెండు పెద్ద సూట్‌కేసులూ విప్పకుండా అల్మారా పైనే ఉంచింది. చేతిసంచిలో తెచ్చుకున్న మూడు జతలే ఉతుక్కుని వేసుకుంటోంది. ఆ సంగతి మేమిద్దరం ఎత్తం.

"పరాయివాళ్ల ఇంట్లో అయితే ఇలాగే వదిలేస్తారా? అసలు జబ్బేంటో చెప్పండి!" అని నిలదీశాను.

ఆయన మళ్లీ స్క్రూల వైపు తిరిగాడు. "పట్టా అరిగిందేమోనే."

"కొత్తది వేసి నెల కాలేదు!"

"పైచెక్క వంగింది," అన్నాడు గొంతు తగ్గించి. "దాంతోపాటు పట్టా కూడా మధ్యలో దిగింది. ఆనిక పెట్టాలన్నా ముందు బరువు..."

అక్కడితో ఆపేశాడు. ఏం బరువో అడగక్కర్లేదు. మొదటి రోజే తెలిసి కూడా ఈ మనిషి ఇన్నాళ్లూ స్క్రూలు తిప్పుతూ గడిపాడు. అమ్మాయి ముందే కక్కించిన నా నోటిని నేనే తిట్టుకున్నాను.

అమ్మాయి లేచి స్టూలు లాక్కుంది.

"ఉండమ్మా, ఇంకేదైనా చూస్తాలే," అన్నాడాయన.

"ఇంకా ఎన్నాళ్లు చూస్తావు నాన్నా? పట్టుకో," అంటూ సూట్‌కేసులు ఒక్కొక్కటే కిందికి అందించింది.

ఆయన పైచెక్కను లేపి, లోపల నిలువుగా ఒక చెక్క ఆనించాడు. స్క్రూలు తిప్పి తలుపును మళ్లీ దించి సరిచేశాడు. తలుపు ఈ చివరి నుంచి ఆ చివరికి చప్పుడు లేకుండా వెళ్లింది. ఇన్నాళ్లూ నేను పోరు పెట్టింది దీనికే. ఇప్పుడు ఏడుపు ఆగలేదు.

అమ్మాయి సూట్‌కేసు తెరిచి, మడత నలగని బట్టలు ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, నాకు ఏ అర ఇస్తావు?"

ఒకటి చాలా, రెండు కావాలా అని అడగబోయి ఆగాను. నా బట్టలన్నీ మంచం మీద కుమ్మరించి, అరలు రెండూ ఖాళీ చేశాను.